చీకటి చర్య చీకట్లో జరగదు

పదో తరగతి పునశ్చరణ పరీక్షల జవాబు పత్రాలు దిద్దుతున్నప్పుడు ఒక వాక్యం మాకు ఏటా ఎదురవుతుంది. 'కాంతి చర్య పగలు జరుగును, చీకటి చర్య రాత్రి జరుగును.' చక్కటి దస్తూరీతో, తప్పులేని తెలుగులో, పూర్తి నమ్మకంతో రాస్తారు. రాసేవాళ్లు చదవని పిల్లలు కారు. శ్రద్ధగా చదివిన పిల్లలే ఎక్కువగా ఈ తప్పు చేస్తారు. పేరులోనే చీకటి ఉన్నప్పుడు వాళ్లు ఇంకేమి అనుకుంటారు? అందుకే ఈ తప్పులో సగం పేరుది, సగం మాది అని మేము ఒప్పుకోవాలి.

మా వంతు తప్పు ముందు చెబుతాము. చాలా ఏళ్లు మేము ఈ పాఠాన్ని సోలార్ లాంతరు పోలికతో చెప్పాము. పగలు ఎండలో పెడితే బ్యాటరీ నిండుతుంది, రాత్రి ఆ బ్యాటరీతో దీపం వెలుగుతుంది, ఆకు కూడా అంతే అన్నాము. పిల్లలకు వెంటనే అర్థమైంది. చెప్పడానికి మాకూ సులువుగా ఉండేది. కానీ అర్థమైనది తప్పు. ఆకు దగ్గర రాత్రి దాకా దాచుకునే బ్యాటరీ లేదు. అది నింపుకున్న శక్తి సెకన్ల లెక్కలో ఖర్చయిపోతుంది. పోలిక ఎంత బాగా అతికితే అంత లోతుగా తప్పు నాటుకుంటుందని మాకు జవాబు పత్రాలే నేర్పాయి.

సరైన పోలిక మాకు పుస్తకంలో దొరకలేదు, తరగతి గదిలోనే దొరికింది. మహదేవపురలో మన తెలుగు మాధ్యమం పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి వచ్చి కట్టడం పనుల్లో ఉన్నవాళ్లు. చుట్టూ లేస్తున్న అపార్టుమెంట్లే వాళ్ల పనిచోటు, కొందరు పిల్లలకు ఇల్లు కూడా అక్కడే. ఒకరోజు 'వెలుతురు పోతే చీకటి చర్య ఆగుతుందా, ఆగదా?' అని అడిగితే ఒక మేస్త్రీ కొడుకు లేచాడు. 'సార్, కరెంటు పోతే మా నాన్న వెంటనే దిగిరాడు సార్. పైకొచ్చిన మాలు అయిపోయేదాకా కడతాడు. తర్వాత ఊరికే కూర్చుంటాడు' అన్నాడు. మా పాఠం అక్కడే మారింది.

ఆ కట్టడాన్నే తీసుకుందాము. కింద కరెంటుతో నడిచే మిక్సరు ఉంది, పక్కనే డ్రిల్లింగ్ మిషన్ బ్యాటరీలు నింపే ఛార్జరు ఉంది. పైన మేస్త్రీ గోడ కడుతున్నాడు. కూలీలు మాలు నింపిన తట్టలను, నిండిన బ్యాటరీలను పైకి మోస్తారు. ఖాళీ తట్టలను, అయిపోయిన బ్యాటరీలను కిందికి తెస్తారు. తట్టలూ బ్యాటరీలూ లెక్కకు కొన్నే ఉన్నాయి. కొత్తవి రావు, ఉన్నవే తిరుగుతుండాలి.

ఆకులోని హరితరేణువు ఇలాంటి పనిచోటే. కింది పని జరిగేది థైలకాయిడ్ పొరల మీద. ఇక్కడ కరెంటు స్థానంలో వెలుతురు ఉంటుంది. ఇవి కాంతి చర్యలు. పై పని జరిగేది ఆ పొరల చుట్టూ ఉండే స్ట్రోమా ద్రవంలో. పుస్తకాలు దీన్ని చీకటి చర్య అనీ, నిష్కాంతి చర్య అనీ అంటున్నాయి. నిండిన బ్యాటరీ ఏటీపీ, అయిపోయిన బ్యాటరీ ఏడీపీ. నిండిన తట్ట ఎన్‌ఏడీపీహెచ్, ఖాళీ తట్ట ఎన్‌ఏడీపీ. ఇటుక మనం వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్. లేచే గోడ చక్కెర.

తట్టలోకి మాలు ఎక్కడిది? సిమెంటు సంచి చింపాలి. ఆకులో ఆ సంచి నీటి అణువు. వెలుతురు శక్తితో నీటి అణువును విడగొట్టి, అందులోని హైడ్రోజన్‌ను, ఎలక్ట్రాన్లను ఆకు వాడుకుంటుంది. మిగిలిన ఆక్సిజన్ ఖాళీ సంచిలాంటిది, బయటికి పోతుంది. మొక్క వదిలే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ నుంచి వస్తుందని రాసే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఈ పోలిక చెప్పాక వాళ్లను 'ఖాళీ సంచి ఇటుకలోంచి వస్తుందా, సిమెంటు బస్తాలోంచి వస్తుందా?' అని అడిగితే చాలు. 1941లో అమెరికాలో రూబెన్, కామెన్ బృందం మామూలు ఆక్సిజన్ కంటే బరువైన ఆక్సిజన్ ఉన్న నీటిని నాచుమొక్కలకు ఇచ్చి చూసింది. బయటికి వచ్చిన వాయువులో ఆ బరువైన ఆక్సిజనే కనిపించింది. సంచి ఎక్కడిదో అలా తేలింది.

ఇప్పుడు మేస్త్రీ కొడుకు చెప్పిన మాటకు వద్దాము. కరెంటు పోయింది. మిక్సరు ఆగింది. పైన రెండు తట్టల మాలు ఉంటే మేస్త్రీ ఆ రెండు తట్టలూ అయ్యేదాకా కడతాడు, తర్వాత ఆగిపోతాడు. అతని చేతిపనికి కరెంటు నేరుగా అక్కర్లేదు. కానీ కరెంటు లేకుండా అతని పని సాగదు. చీకటి చర్య అసలు అర్థం ఈ రెండు వాక్యాల్లో ఉంది. స్ట్రోమాలో జరిగే పనికి వెలుతురు నేరుగా తగలాల్సిన అవసరం లేదు, వెలుతురు ఇచ్చే సరుకు మాత్రం తప్పక కావాలి. సరుకు కొద్దిగానే ఉంటుంది కాబట్టి చీకటి పడగానే ఆ పని కూడా ఆగుతుంది. చీకటి చర్య నిజానికి పగటి పనే.

దీనికి ఇంకో వైపు ఉంది, చాలా తరగతి గదుల్లో చెప్పకుండా వదిలేసేది అదే. కరెంటు ఉంది, సిమెంటు ఉంది, ఇటుకల లారీ రాలేదు అనుకుందాము. మేస్త్రీ కట్టలేడు. నిండిన తట్టలు పైనే పేరుకుంటాయి. ఖాళీ తట్టలు కిందికి రావు. అప్పుడు కరెంటు ఉండి కూడా మిక్సరు ఆగాల్సిందే, మాలు పోయడానికి తట్ట లేదు కదా! అంటే కార్బన్ డయాక్సైడ్ అందకపోతే, వెలుతురు నిండుగా ఉన్నా కాంతి చర్యలు కూడా నెమ్మదిస్తాయి. రెండు పనులూ ఒకదానికొకటి ఖాళీలు పంపుకుంటూ సాగుతాయి. పగలు ఒకటి, రాత్రి ఒకటి అనుకుంటే ఈ సంగతి ఎన్నటికీ అర్థం కాదు.

ఈ రెండో వైపును బడిలోనే చూపించవచ్చు. హైడ్రిల్లా నీటిమొక్క అక్వేరియం దుకాణాల్లో దొరుకుతుంది. నీళ్లను మరిగించి, మూతపెట్టి చల్లార్చాలి. మరిగితే నీటిలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ పోతుంది. ఆ నీళ్లను రెండు గాజు పాత్రల్లో పోసి, ఒక్కదానిలోనే చిటికెడు వంటసోడా కలపాలి. రెండింటిలోనూ ఒకే పొడవున్న కొమ్మలను, కోసిన కొస పైకి ఉండేలా గరాటు కింద పెట్టి, పైన నీటితో నింపిన పరీక్షనాళిక బోర్లించాలి. రెండింటికీ సమాన దూరంలో ఎల్‌ఈడీ దీపం ఉంచాలి. కాసేపు ఆగి నిమిషానికి ఎన్ని బుడగలు వస్తున్నాయో పిల్లలచేత లెక్కపెట్టించాలి. సోడా ఉన్న పాత్రలో బుడగలు వరసగా లేస్తాయి. సోడా లేని పాత్రలో చాలా తక్కువ వస్తాయి, లేదా అసలు రావు. వెలుతురు రెండింటికీ ఒక్కటే. తేడా ఇటుకల్లోనే ఉంది.

ఇక్కడ పొరపాట్లు జరిగే చోట్లు తెలిసి ఉండాలి. చాలామంది ఒక పాత్రలో కుళాయి నీళ్లు, ఇంకో పాత్రలో మరిగించిన నీళ్లు పెడతారు. మరిగించిన నీటిలో ఆక్సిజన్ కూడా తగ్గిపోతుంది. అందువల్ల మొక్క వదిలిన ఆక్సిజన్ ముందు ఆ నీటిలోనే కరిగిపోయి బుడగ కనపడదు. తేడా కార్బన్ డయాక్సైడ్ వల్ల వచ్చిందో, దీనివల్ల వచ్చిందో చెప్పలేము. అందుకే రెండూ మరిగించిన నీళ్లే అయి ఉండాలి. పాతరకం ఫిలమెంటు బల్బు వాడితే నీళ్లు వేడెక్కి, మొక్కతో పనిలేకుండానే బుడగలు వస్తాయి. మొక్క లేని మూడో పాత్ర ఒకటి పక్కన పెడితే ఆ మోసం బయటపడుతుంది. సోడా లేని పాత్రలో ఒకటి అరా బుడగలు వస్తే ప్రయోగం చెడిపోయినట్టు కాదు. మొక్క శ్వాసించి తానే కొంత కార్బన్ డయాక్సైడ్ తయారు చేసుకుంటుంది, దాన్నే మళ్లీ వాడుకుంటుంది.

వెలుతురు తీసేస్తే చీకటి చర్య ఆగుతుందన్న మొదటి వైపు మాత్రం బుడగల్లో కనిపించదు. బుడగలు కాంతి చర్య వార్తనే చెబుతాయి. దాన్ని చూపినవారు బర్క్‌లీలో మెల్విన్ కాల్విన్, ఆండ్రూ బెన్సన్, జేమ్స్ బాషమ్ బృందం. రేడియోధార్మిక కార్బన్ ఉన్న వాయువును ఆకుపచ్చ నాచుకు ఇచ్చి, కొన్ని సెకన్లకే వేడి ఆల్కహాల్‌లో వేసి చంపి, ఆ కార్బన్ ఏ పదార్థంలోకి చేరిందో చూశారు. దీపం ఆర్పగానే మూడు కార్బన్ల ఆమ్లం ఒకటి పేరుకుపోయింది. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే అయిదు కార్బన్ల పదార్థం తగ్గిపోయింది. ఇటుక అందుకున్నారు, దాన్ని అతికించడానికి మాలు లేక ఆగిపోయారు. ఈ కృషికి కాల్విన్‌కు 1961లో నోబెల్ బహుమతి వచ్చింది, ఆ చక్రానికి ఆయన పేరే నిలిచింది.

ఆ చక్రం దగ్గరే కట్టడం పోలికను వదిలి, తోపుడుబండి పోలికకు రావాలి. గోడ కట్టడంలో చక్రం లేదు, వ్యాపారంలో ఉంది. కూరగాయలమ్మ పొద్దున 1500 రూపాయల సరుకు తెస్తుంది. సాయంత్రానికి 1800 వస్తాయి. 1500 రేపటి పెట్టుబడికి పక్కన పెట్టి, 300 ఇంటికి తీసుకెళ్తుంది. పెట్టుబడిని ముట్టుకుంటే రేపు బండి కదలదు. స్ట్రోమాలో సరిగ్గా ఇదే లెక్క, రూపాయలకు బదులు కార్బన్ పరమాణువులు.

మేము దీన్ని చింతపిక్కలతో చేయిస్తాము. అయిదేసి పిక్కల కుప్పలు మూడు పెట్టమంటాము. అది 15 పిక్కల పెట్టుబడి. ఒక్కో కుప్పకు గాలిలోంచి ఒక్కో పిక్క చేర్చమంటాము, అవి మూడు కార్బన్ డయాక్సైడ్‌లు. మొత్తం 18. ఆరు పిక్కల కుప్ప నిలవదు, వెంటనే రెండుగా చీలుతుంది. అలా మూడేసి పిక్కల కుప్పలు ఆరు అవుతాయి. ఇందులో ఒక్క కుప్ప బయటికి తీయమంటాము. అదే ఆకు సంపాదన, చక్కెరలూ పిండిపదార్థమూ దానితోనే తయారవుతాయి. మిగిలిన అయిదు కుప్పల్లోని 15 పిక్కలను మళ్లీ అయిదేసి కుప్పలు మూడుగా సర్దమంటాము. మొదలుపెట్టిన చోటికి వచ్చేశారు. ఇది చేతితో చేసిన పిల్లవాడికి 'చక్రం' అన్న మాటను మళ్లీ వివరించనక్కర్లేదు.

ఈ ఒక్క చుట్టుకు ఖర్చు ఎంత? ఒక్కో కార్బన్ డయాక్సైడ్‌కు మూడు ఏటీపీలు, రెండు ఎన్‌ఏడీపీహెచ్‌లు. అంటే ఒక్కో ఇటుకకు మూడు బ్యాటరీలు, రెండు తట్టలు. మూడు ఇటుకల చుట్టుకు తొమ్మిది బ్యాటరీలు, ఆరు తట్టలు. ఆరు కార్బన్ల గ్లూకోజ్ ఒక్కటి కావాలంటే రెండు చుట్లు, అంటే 18 ఏటీపీలు, 12 ఎన్‌ఏడీపీహెచ్‌లు. ఈ అంకెలను బట్టీ పట్టించే బదులు పిక్కల పక్కన అగ్గిపుల్లలు పెట్టించి లెక్కింపజేస్తే, కింది మిక్సరు ఒక్క క్షణం కూడా ఎందుకు ఆగకూడదో వాళ్లే చెబుతారు.

మరి పేరులో చీకటి ఎలా వచ్చింది? 1905లో బ్లాక్‌మన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త, వెలుతురు ఒక హద్దు దాటాక ఎంత పెంచినా పని వేగం పెరగడం లేదని, అప్పుడు వేడిమి కొంత పెంచితే పెరుగుతోందని చూపాడు. అంటే వెలుతురుతో నేరుగా సంబంధం లేని అడుగు ఒకటి ఉందని తేలింది. 'చీకటి' అన్న మాట ఆ అర్థంలో పుట్టింది. 1958లో ఆర్నన్ బృందం ఇంకో అడుగు వేసింది. హరితరేణువులతో వెలుతురులో ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్ తయారు చేయించి, తర్వాత చీకటిలో స్ట్రోమా పదార్థానికి అందిస్తే అది కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంది. సరుకు ఎవరైనా మోసి ఇస్తే మేస్త్రీ చీకట్లోనూ కడతాడన్నమాట. కానీ అది పరీక్షనాళికలో మాట. బతికి ఉన్న ఆకులో రాత్రి సరుకు మోసేవాళ్లు లేరు. పైగా స్ట్రోమాలోని ముఖ్యమైన ఎంజైములు కొన్ని వెలుతురు ఉన్నప్పుడే మేల్కొంటాయి, చీకటి పడగానే సద్దుమణుగుతాయి. మేస్త్రీకి మాలు అందకపోవడమే కాదు, రాత్రి పనిచోటుకు తాళం కూడా పడుతుంది.

ఇంత చెప్పాక తెలివైన పిల్ల ఒకతి తప్పక లేస్తుంది. 'మరి ఎడారి మొక్కలు రాత్రి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయని పుస్తకంలో ఉంది కదా సార్?' అంటుంది. నిజమే, ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి 'జీవక్రియలు' పాఠంలో ఆ మాట ఉంది. దీనికి జవాబు మన పెరట్లోని రణపాల ఆకు చెబుతుంది. ఆ జవాబుకు మన ప్రాంతంతో ఒక బంధం కూడా ఉంది. ఆంధ్రలోని సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసి, తర్వాత బెంగళూరు లాల్‌బాగ్‌తోనూ పని ఉన్న బెంజమిన్ హేన్ అనే వృక్షశాస్త్రవేత్త, రణపాల ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి రుచి లేకుండా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని గమనించి 1813లో లేఖ రాశాడు. రాత్రి చల్లదనంలో పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని, ఆమ్లంగా దాచుకుంటుంది కాబట్టి ఆ పులుపు. ఎండ వచ్చాక రంధ్రాలు మూసుకుని, దాచిన వాయువును లోపలే విడుదల చేసి చక్రంలోకి పంపుతుంది. ఇటుకలు రాత్రి దింపించుకుంది, గోడ మాత్రం పగలే కట్టింది. బెంగళూరులో పగలు లారీలను ఊళ్లోకి రానివ్వని వేళలు ఉంటాయి కాబట్టి, ఇటుకలూ ఇసుకా రాత్రి దిగడం మన పిల్లలకు కొత్త కాదు. ఆకును నోట పెట్టించవద్దు, ఎక్కువగా తింటే హాని చేసే పదార్థాలు అందులో ఉన్నాయి. పొద్దున ఒక ఆకు, సాయంత్రం ఒక ఆకు నూరి లిట్మస్ కాగితంతో చూపిస్తే చాలు.

పోలికకు ఉన్న హద్దును కూడా పిల్లలకు చెప్పాలి. మాలు తట్టలో అలాగే గోడకు చేరుతుంది. ఎన్‌ఏడీపీహెచ్ మోసేది మాత్రం ఎలక్ట్రాన్లను, హైడ్రోజన్‌ను. కట్టడంలో ఛార్జరు బ్యాటరీలను కరెంటుతో నేరుగా నింపుతుంది. ఆకులో అలా కాదు. పొర లోపల ప్రోటాన్లు జలాశయంలో నీళ్లలా పేరుకుని, ఒక ఇరుకు దారిలో బయటికి దూకుతూ ఏటీపీని తయారు చేస్తాయి. శివనసముద్రంలో కావేరి నీళ్లు దూకి కరెంటు పుట్టినట్టు అంటే ఇక్కడి పిల్లలకు అందుతుంది. పోలిక ఎక్కడ తెగుతుందో కూడా రాయమని అడిగితే ఎవరికి అర్థమైందో, ఎవరు వల్లించారో తెలిసిపోతుంది.

ఇక మా విన్నపం. తెలుగు మాధ్యమం పాఠ్యపుస్తకాలు రాసేవారు, ప్రశ్నపత్రాలు తయారు చేసేవారు 'చీకటి చర్య', 'నిష్కాంతి చర్య' అన్న పేర్ల బదులు 'కర్బన స్థాపన చర్యలు' అనో, 'కాల్విన్ చక్రం' అనో వాడాలి. పాత పేరు తప్పనిసరైతే, కాంతి నేరుగా అవసరం లేదని మాత్రమే దాని అర్థమని పక్కనే ఒక వాక్యం ఉండాలి. 'కాంతి, చీకటి చర్యల భేదాలు రాయండి' అని రెండు వరసల పట్టిక అడగడం మానాలి. ఆ పట్టికే పగలు, రాత్రి అన్న గీతను పిల్లల చేత గీయిస్తోంది. దానికి బదులు 'వెలుతురు ఉంది, కార్బన్ డయాక్సైడ్ లేదు. ఆక్సిజన్ విడుదల ఏమవుతుంది, ఎందుకు?' అని అడిగి చూడండి. కట్టడం దగ్గర పెరిగిన పిల్లవాడు దానికి జవాబు చెప్పగలడు. ఖాళీ తట్ట కిందికి రాకపోతే మిక్సరు ఎందుకు ఆగుతుందో అతను రోజూ చూస్తున్నాడు.